మే ఎండకు రాని నైరుతి గాలి జూన్‌లో ఎందుకొస్తుంది?

ప్రశ్న: "సముద్రం కన్నా భూమి ఎక్కువ వేడెక్కడం వల్ల నైరుతి గాలులు వస్తాయని మా అబ్బాయి పుస్తకంలో ఉంది. మరి మా విజయవాడలో మే నెలలో 45 డిగ్రీలు కాసేటప్పుడు రాని గాలి, వేడి కాస్త తగ్గాక జూన్‌లో ఎందుకొస్తుంది? ఎండలు గట్టిగా కాస్తే ఆ ఏడు వానలు బాగా పడతాయని మా నాన్నగారు అంటారు. నిజమేనా?"

పుస్తకంలో ఉన్నది తప్పు కాదు, కానీ అందులో సగమే ఉంది. గాలిని లాగేది నేల ఎంత కాలుతోందన్నది కాదు. ఆ నేల మీద పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు వరకు నిలబడి ఉన్న గాలి మొత్తం ఎంత వెచ్చగా ఉందన్నది. మే నెలలో మన దగ్గర వేడి అడుగున రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంటుంది. పై గాలి కూడా వెచ్చబడి, దక్షిణాన సముద్రం మీది గాలిని మించేసరికి మే చివరో జూన్ మొదలో అవుతుంది. ఇక ఎండలు గట్టిగా కాస్తే వానలు బాగా పడతాయన్న మాటకు నేను చూసిన ఏళ్ళలో ఆధారం దొరకలేదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆంధ్ర తీరంలోని ఒక వాతావరణ కేంద్రంలో పరిశీలకుడిగా పనిచేసి రిటైరయ్యాను. బెలూన్లు ఎగరేసి పై గాలులు కొలవడం నా పని. కాబట్టి పుస్తకం ఆగిన చోటు నుంచి నా కళ్ళతో చూసిందే చెబుతాను.

ముందు చిన్న నమూనా. మే నెలలో మిట్టమధ్యాహ్నం విశాఖ బీచ్‌లోనో కాకినాడ తీరంలోనో చెప్పులు లేకుండా నిలబడండి. ఇసుక మీద కాలు పెట్టలేరు. అదే ఇసుకను జానెడు లోతు తవ్వి చూడండి, లోపల చల్లగా ఉంటుంది. అంటే పొద్దుటి నుంచి కాసిన ఎండంతా ఆ పై పొరలోనే ఇరుక్కుపోయింది. సముద్రంలో అలా ఉండదు. ఎండ నీళ్ళలోకి దిగుతుంది, అలలు, గాలి ఆ వేడిని కలియబెట్టి పదుల మీటర్ల లోతుకు పంచేస్తాయి. పైగా, అంతే బరువున్న ఎండు మట్టితో పోలిస్తే నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు ఐదు రెట్లు ఎక్కువ వేడి కావాలి. వేసవిలో ఒక రోజు ఎండను 50 మీటర్ల లోతు నీటికి పంచితే, ఆవిరై పోయేదాన్ని పక్కన పెట్టినా, పెరిగేది డిగ్రీలో పదో వంతే. అందుకే పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఇసుక ఇరవై డిగ్రీలు మారినా సముద్రం దాదాపు ఉన్నట్టే ఉంటుంది.

ఆ తేడాకే పగలు పదకొండు, పన్నెండు గంటలప్పుడు సముద్రం వైపు నుంచి గాలి మళ్ళుతుంది. తీరంలో పనిచేసిన మాకు ఆ క్షణం బాగా తెలుసు. అప్పటిదాకా పడమటి నుంచి వేడిగా కొడుతున్న గాలి కాసేపు పూర్తిగా ఆగిపోతుంది, గాలి దిశ చూపే బాణం ఎటూ తేల్చుకోలేనట్టు అటూ ఇటూ ఊగుతుంది, ఆ తర్వాత ఆగ్నేయం వైపు తిరిగి నిలుస్తుంది. పావుగంటలో ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు పడిపోవడం నేను ఎన్నోసార్లు రాసుకున్నాను. ఒక్కో రోజు పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని ఒడ్డు ఎక్కనివ్వదు. తీరం ఊళ్ళలో రికార్డు ఎండలు నమోదయ్యేది ఎక్కువగా ఆ రోజుల్లోనే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. "వేడి గాలి పైకి పోతుంది, కింద ఖాళీ ఏర్పడుతుంది, దాన్ని నింపడానికి సముద్రపు గాలి వస్తుంది" అని చెబుతారు. గాలిలో అలా ఖాళీలు ఏర్పడవు. జరిగేది వేరు. వెచ్చబడిన గాలి ఉబ్బుతుంది. నేల మీది గాలిని ఒక స్తంభం అనుకుంటే, అది పక్కనున్న సముద్రం మీది స్తంభం కన్నా కాస్త పొడుగవుతుంది. పొడుగైన స్తంభం తలభాగం నుంచి గాలి పక్కకు, అంటే సముద్రం వైపుకు పొర్లుతుంది. అలా పైనుంచి కొంత గాలి బయటికి పోయాక నేల మీద మిగిలిన గాలి బరువు తగ్గుతుంది. మనం అల్పపీడనం అనేది దాన్నే. అప్పుడు కింద సముద్రం నుంచి గాలి లోపలికి వస్తుంది. మొదలు పైన, ఫలితం కింద. ఈ వరుస గుర్తుంటే మీ ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది.

ఎందుకంటే స్తంభం ఎంత పొడుగవుతుందన్నది వేడి ఎంత లోతున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. లెక్క కష్టమేమీ కాదు. నేల నుంచి సుమారు 12 కిలోమీటర్ల దాకా ఉన్న గాలి మొత్తం సగటున 3 డిగ్రీలు వెచ్చబడితే స్తంభం దాదాపు 140 మీటర్లు పొడుగవుతుంది. అడుగున 2 కిలోమీటర్లు మాత్రమే అదే 3 డిగ్రీలు వెచ్చబడితే పెరిగేది 20 మీటర్లే. అడుగు భాగాన్ని 8 డిగ్రీలు కాల్చినా 55 మీటర్లు దాటదు. నేల మీద నిలబడ్డ మనకు 8 డిగ్రీలంటే ప్రాణాలు పోయే వేడి, 3 డిగ్రీలంటే పెద్దగా తెలియను కూడా తెలియదు. కానీ గాలిని వేల కిలోమీటర్ల దూరం నుంచి లాగే బలం ఆ 3 డిగ్రీలదే.

రాజస్థాన్ ఎడారిని చూడండి. మే, జూన్ నెలల్లో దేశంలో అన్నిటికన్నా కాలే నేల అదే. అక్కడ అల్పపీడనం కూడా ఏర్పడుతుంది. కానీ అది లోతు లేని అల్పపీడనం. కొన్ని కిలోమీటర్లు దాటేసరికి పైనుంచి పొడిగాలి కిందికి దిగుతూ దానికి మూతలా కూర్చుంటుంది. అంత వేడి ఉండీ అక్కడ మబ్బు పట్టదు. మన రోహిణి కార్తె ఎండ కూడా ఇలాంటిదే. రోళ్ళు పగిలేంత వేడి కింద ఉంటుంది, పైన మూత ఉంటుంది.

దీన్ని నేను బెలూన్‌తో చూశాను. హైడ్రోజన్ నింపిన రబ్బరు బెలూన్‌ను వదిలి, థియోడొలైట్ అనే దుర్భిణీ పెట్టి, నిమిషానికోసారి అది ఏ దిక్కులో, ఎంత కోణంలో ఉందో రాసుకుంటాం. బెలూన్ పైకి లేచే వేగం ముందే తెలుసు కాబట్టి, ఆ కోణాల నుంచి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతాం. మే మొదట్లో మధ్యాహ్నం వదిలిన బెలూన్ ముందు ఊరి మీదుగా వాయవ్యం వైపు పోయేది, సముద్రపు గాలి కదా. కిలోమీటరు ఎత్తు కూడా చేరకముందే అక్కడక్కడే తచ్చాడి, వెనక్కి తిరిగి మా నెత్తి మీదుగానే సముద్రం మీదికి వెళ్ళిపోయేది. అంటే సముద్రపు గాలి లోతు అంతే. దాని పైన అంతా పడమటి గాలి, అది ఎంత పైకి పోయినా పడమటి గాలే.

నైరుతి నిలదొక్కుకున్నాక, మబ్బులు విడిచిన రోజు చూసి వదిలిన బెలూన్ దారి వేరుగా ఉండేది. వదిలిన క్షణం నుంచే తూర్పుకు, సముద్రం మీదికి పరుగు. ఐదారు కిలోమీటర్ల ఎత్తు దాకా అదే దారి. ఆ పైన వేగం మందగించి, దిశ మారి, పడమరకు తిరిగేది. అంటే కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి పొర్లే గాలి భూమి తిరుగుతున్నందువల్ల కుడికి ఒరిగి తూర్పు గాలి అవుతుంది. కాబట్టి పైన తూర్పు గాలి పుట్టిందంటే ఉత్తరాన ఉన్న గాలి స్తంభం దక్షిణాన సముద్రం మీది స్తంభం కన్నా వెచ్చగా, పొడుగ్గా మారిందని అర్థం. మే మొదట్లో ఇది తలకిందులుగా ఉంటుంది. కింద నేల ఎంత కాలినా, పైన మాత్రం ఉత్తరాది గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. ఈ తేడా దిశ మార్చుకోవడమే రుతుపవనం రావడం. నైరుతి రోజుల్లో 14, 15 కిలోమీటర్ల ఎత్తున వీచే ఆ బలమైన తూర్పు గాలి ప్రవాహాన్ని 1950లలో గుర్తించి వివరించింది పి. కోటేశ్వరం గారు. ఆయన తర్వాత మన దేశ వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేశారు.

సరే, పైన వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది? రెండు చోట్ల నుంచి.

ఒకటి టిబెట్. అది సగటున 4,500 మీటర్ల పైచిలుకు ఎత్తున్న పీఠభూమి. అక్కడి నేల మీద ఎండ పడితే, మన లెక్కలో ఆకాశం నడిమధ్యలో పొయ్యి పెట్టినట్టు. మీ ఊళ్ళో మే మొదటి వారంలోనే సూర్యుడు నడినెత్తికి వస్తాడు. కానీ అక్కడి మంచు కరిగి, నేల ఆరి, ఆ ఎత్తులోని గాలి వెచ్చబడడానికి జూన్ కావాలి. ఆలస్యానికి ఇదొక కారణం. అయితే టిబెట్ వేడికి పాత పుస్తకాలు ఇచ్చినంత ప్రాధాన్యం ఇప్పుడు అందరూ ఇవ్వడం లేదు. ఉత్తరం నుంచి వచ్చే చల్లని పొడిగాలి మన తడిగాలిలో కలవకుండా గోడలా ఆపడమే హిమాలయాలు చేసే అసలు మేలని బూస్, క్వాంగ్ అనే పరిశోధకులు 2010లో చూపించారు. రెండూ కొంత కొంత పనిచేస్తాయని నా అభిప్రాయం.

రెండోది, నా లెక్కలో అసలుది, వాన. సముద్రం నీరు ఆవిరి కావడానికి వేడిని తీసుకుంటుంది. ఆ ఆవిరి మబ్బులో మళ్ళీ నీరైనప్పుడు ఆ వేడిని అక్కడే, ఐదారు కిలోమీటర్ల ఎత్తున వదిలేస్తుంది. ఎంతనుకున్నారు? ఒక చదరపు మీటరు మీద 10 మిల్లీమీటర్ల వాన, అంటే 10 లీటర్ల నీరు పడిందంటే, ఆ మబ్బుల్లో విడుదలైన వేడి మీ ఇంటి కరెంటు మీటరు లెక్కలో దాదాపు 7 యూనిట్లు. ఆ చదరపు మీటరు మీద ఉన్న గాలి బరువు సుమారు 10 టన్నులు. ఆ వేడి అంతా అందులోనే నిలిచిపోతే పై నుంచి కింద దాకా రెండున్నర డిగ్రీలు వెచ్చబడాలి. నిజానికి అంత పెరగదు. పైకి లేచే గాలి వ్యాకోచిస్తూ చల్లబడడానికే అందులో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. అయినా మిగిలేది చాలు. ఎండ అడుగున చేసే పనిని వాన నడిమధ్యలో చేస్తుంది. స్తంభం ఇంకా పొడుగవుతుంది, గాలి ఇంకా లాగుతుంది, ఆ గాలి ఇంకాస్త ఆవిరిని మోసుకొస్తుంది, మరింత వాన పడుతుంది. పొయ్యి రాజేసింది ఎండ, రాజుకున్నాక మండించేది ఆవిరి. అందుకే వానలు మొదలై నేల పది డిగ్రీలు చల్లబడినా నైరుతి ఆగదు, ఇంకా బలపడుతుంది. 'వేడి తగ్గాక గాలి ఎందుకొస్తుంది' అన్న మీ ప్రశ్నకు సూటి జవాబు ఇదే.

ఇక ఆ గాలి ఎక్కడి నుంచి బయలుదేరుతుందో చూద్దాం, ఇది అరేబియా సముద్రంతో ఆగే కథ కాదు. జూన్, జూలై నెలల్లో దక్షిణార్ధగోళంలో చలికాలం. మారిషస్, రీయూనియన్ దీవులకు ఆగ్నేయంగా సముద్రం మీద పీడనం 1,020 మిల్లీబార్లకు పైన ఉంటుంది. అదే రోజుల్లో మన వాయవ్యాన వెయ్యికి దిగువన ఉంటుంది. గాలి అక్కడి నుంచి ఇటు బయలుదేరుతుంది. భూమి తిరుగుతున్నందువల్ల కదిలే గాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఎడమకు, ఉత్తరాన కుడికి ఒరుగుతుంది. కాబట్టి ఆగ్నేయం నుంచి బయలుదేరిన గాలి కెన్యా, సోమాలియా తీరాల దగ్గర రేఖ దాటి కుడికి తిరిగి నైరుతి గాలి అవుతుంది. తూర్పు ఆఫ్రికా కొండలు దాన్ని పక్కకు చెదరనివ్వకుండా గట్టు కట్టినట్టు ఒడ్డు వెంట నడిపిస్తాయి. కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తున సన్నగా, ఉధృతంగా సాగే ఆ ప్రవాహాన్ని ఫైండ్‌లేటర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1969లో వివరంగా గుర్తించాడు. కేరళను తాకేది దాని కొసే.

మీ నాన్నగారి మాట సంగతి. 2015 మే చివరి వారం మనలో ఎవరూ మరిచిపోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యికి చాలా పైనే ప్రాణాలు పోయాయి. ఎండే వానను తెచ్చేదైతే ఆ ఏడు కుండపోత కావాలి. దేశం మొత్తం మీద వాన సాధారణం కన్నా 14 శాతం తక్కువ పడింది. పసిఫిక్ మహాసముద్రం నీళ్ళు మామూలు కన్నా వేడెక్కే ఎల్‌నినో ఆ ఏడు బలంగా ఉంది. వాన కురిసి గాలిని వేడి చేసే పెద్ద పొయ్యి అటు జరిగిపోయింది, మన మీద గాలి కిందికి దిగుతూ మూత వేసింది. 2002లో కూడా మేలో మన దగ్గర ఎండలు చంపాయి, ఆ జూలైలో దేశంలో పడాల్సిన వానలో సగం కూడా పడలేదు. 2003లో అంతకన్నా ఘోరమైన ఎండలు, వాన మాత్రం మామూలుగానే పడింది. 2025లో మే నెల చాలా చోట్ల చల్లగా, తడిగా గడిచింది. అయినా కేరళకు 24వ తేదీకే నైరుతి వచ్చింది, సీజను మొత్తం మీద సాధారణం కన్నా ఎక్కువే కురిసింది.

ఇంకొక సంగతి చూడండి. జూలై మధ్యలో వానలు వారం పది రోజులు ముఖం చాటేస్తే నేల మళ్ళీ కాలుతుంది. సముద్రానికీ నేలకీ తేడా పెరుగుతుంది, కానీ వాన రాదు. వాన లేకపోవడం వల్ల ఆ వేడి, అంతే గానీ ఆ వేడి వల్ల వాన కాదు. రుతుపవనాలను పరిశోధించిన శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్ గారు దశాబ్దాల పాటు వాదించింది ఇదే. రుతుపవనాన్ని పెద్ద సైజు సముద్రపు గాలిగా చూడకండి, భూమధ్యరేఖ దగ్గర ఉండే వాన పట్టీ వేసవిలో ఉత్తరానికి జరిగి మన మీదికి రావడంగా చూడండి అన్నారామె. నేను ఆ మాటను చాలావరకు ఒప్పుకుంటాను. అయితే ఆ పట్టీ ఇంత ఉత్తరానికి ఎక్కి వచ్చేది ఇక్కడ ఇంత పెద్ద నేల ఉన్నందువల్లే అన్నది కూడా వదిలేయకూడదు.

మన శాఖ కేరళలో రుతుపవనం ప్రవేశించిందని ప్రకటించేటప్పుడు కూడా ఎక్కడా ఉష్ణోగ్రత అడగదు. మే 10 తర్వాత, ఎంచిన 14 కేంద్రాల్లో కనీసం 60 శాతం చోట్ల వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో వాన పడాలి. పడమటి గాలి 600 మిల్లీబార్ల మట్టం దాకా, అంటే నాలుగు కిలోమీటర్లు దాటి లోతుగా ఉండాలి. అడుగు గాలికి 15 నుంచి 20 నాట్ల వేగం ఉండాలి. మబ్బుల ఎత్తు తెలిపే ఉపగ్రహ కొలత కూడా సరిపోవాలి. లోతు లేకుండా వాన ఒక్కటే పడితే అది మామూలు వేసవి వాన అయి ఉండవచ్చు. అలా తొందరపడి రుతుపవనం అనుకొని విత్తనాలు వేసి, మొలక ఎండిపోయాక మళ్ళీ కొనుక్కున్న రైతులు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో ఉన్నారు.

అక్టోబరు నుంచి ఇదే లెక్క వెనక్కి తిరుగుతుంది. ఉత్తరాది నేల సముద్రం కన్నా త్వరగా చల్లబడుతుంది, గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, బంగాళాఖాతం మీద తడి పట్టుకొని నెల్లూరు, తిరుపతి వైపు వాన ఇస్తుంది. తెలంగాణకు అందులో దక్కేది తక్కువ.

మీ అబ్బాయికి చూపించడానికి ఒకటి చెబుతాను. జూన్ చివర్లోనో జూలైలోనో, మబ్బులు పలచబడిన సాయంత్రం మేడ మీదికి తీసుకెళ్ళండి. ఒక స్తంభం అంచునో డాబా మూలనో గురి పెట్టుకొని, కదలకుండా ఐదు నిమిషాలు ఆకాశం చూడమనండి. కిందుగా ఉన్న బూడిద రంగు మబ్బు తునకలు పడమర నుంచి తూర్పుకు పరిగెడుతుంటాయి. వాటి సందుల్లో బాగా పైన ఈకల్లాంటి తెల్లని మబ్బులు కనిపిస్తే, అవి నెమ్మదిగా తూర్పు నుంచి పడమరకు జరుగుతుంటాయి. ఆ పైవి కూడా తూర్పుకే పోతుంటే ఆ వారం నైరుతి బలహీనంగా ఉందని మా అనుభవం.